డాష్‌బోర్డ్ తెరవగానే అసలు అంకె కనపడుతోందా? పరీక్షించి సరిచేసే పద్ధతి

డాష్‌బోర్డ్ మీద వచ్చే ఫిర్యాదు సాధారణంగా ఒక్క మాటే: "చాలా ఉంది, ఏం చూడాలో తెలియట్లేదు." అది విని డిజైనర్లు మొదట చేసేది సగం చార్టులు తీసేయడం. కొన్నాళ్లకు తీసేసినవాటిలో మూడు నాలుగు మళ్లీ కావాలంటారు, పెట్టేస్తారు, తెర మళ్లీ మొదటికొస్తుంది. ఎన్ని అంకెలున్నాయన్నది ఇక్కడ అసలు చిక్కు కాదు. అన్నీ ఒకే సైజులో, ఒకే రంగులో, ఒకే వరుసలో నిలబడటం చిక్కు. ముందు దేన్ని చూడాలో తెర చెప్పకపోతే ఆ పని చూసేవాడి నెత్తిన పడుతుంది. పన్నెండు కార్డుల్లో ఆ పని రోజూ చేయాల్సి రావడాన్నే జనం "చాలా ఉంది" అంటారు.

కాబట్టి ముందు పరీక్షించండి, తర్వాతే మార్చండి. కింద చెప్పిన క్రమం ఇప్పటికే వాడుకలో ఉన్న ఒక డాష్‌బోర్డుకు పనికొస్తుంది. కొత్తది గీస్తున్నా మొదటి నమూనా మీద ఇదే క్రమం నడుస్తుంది.

చెప్పేది తేలిగ్గా ఉండటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే ఒక సంస్థలో డెలివరీలు చూసుకునే మేనేజరు పొద్దున షిఫ్ట్ మొదలవగానే తెరిచే తెర ఇది. పైన లోగో, స్వాగత వాక్యంతో 120 పిక్సెళ్ల పట్టీ. దాని కింద రెండు వరుసల్లో తొమ్మిది ఫిల్టర్లు, మరో 96 పిక్సెళ్లు. ఆ కింద వరుసకు ఆరు చొప్పున పన్నెండు అంకెల కార్డులు, అన్నీ ఒకే సైజు. తర్వాత గుండ్రటి బొమ్మలో ముక్కలుగా వాటాలు చూపే పై చార్టులు రెండు, ఒక మ్యాపు. ఇంకా కిందికి వెళ్తే ఒక పెద్ద పట్టిక. సమయానికి అందిన డెలివరీల శాతం తొమ్మిదో కార్డులో ఉంది. గడువు దాటినా ఇంకా గోదాములోనే ఉన్న ఆర్డర్ల సంఖ్య ఏ కార్డులోనూ లేదు. పట్టికను వడపోసి లెక్కపెట్టుకుంటే తప్ప అది దొరకదు.

1. తెర ఎవరిదో ఒక్క వాక్యంలో రాయండి

"ఫలానా వ్యక్తి, ఫలానా సమయంలో తెరిచి, ఫలానాది తెలుసుకుని, ఫలానా పని చేస్తారు." ఈ నాలుగు ఖాళీలూ నింపండి. మన ఉదాహరణలో వాక్యం ఇలా వస్తుంది: డెలివరీ మేనేజరు పొద్దున షిఫ్ట్ మొదట్లో తెరిచి, ఎక్కడ ఆలస్యం పేరుకుందో తెలుసుకుని, మనుషుల్ని ఆ గోదాముకు మళ్లిస్తారు.

ఈ వాక్యం రాయలేకపోతున్నారంటే సాధారణంగా కారణం ఒకటే: ఆ తెర ఇద్దరిది. మేనేజరుకు ఇవాళ్టి ఆలస్యాలు కావాలి, పైవాళ్లకు నెల అమ్మకాలు కావాలి, ఇద్దరికీ కలిపి ఒకే పేజీ కట్టారు. తెరలు కిక్కిరిసిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం మరొకటి లేదు. ఎంత చక్కగా అమర్చినా సగం అంకెలు ఎప్పుడూ ఎవరో ఒకరికి అడ్డమే. పేజీలు రెండు చేయండి. అంకెలు అవే ఉండొచ్చు, వరుస మాత్రం వేరుగా ఉండాలి.

వాక్యం కుదిరాక, వాడేవాళ్లలో ముగ్గురు నలుగురితో విడివిడిగా కూర్చోండి. "మీకు ఏం కావాలి?" అని అడగకండి. అలా అడిగితే ఎవరైనా జాబితా పెంచుతారు తప్ప తగ్గించరు. "నిన్న పొద్దున ఇది తెరిచి ఏం చూశారు? చూశాక ఏం చేశారు?" అని అడగండి. ఆ తర్వాత తెరమీద ఉన్న ఒక్కో అంకెనూ చూపించి ఇంకో ప్రశ్న వేయండి: "ఈ అంకె ఇవాళ పడిపోతే, ఇవాళే ఏం మారుస్తారు?"

"ఇప్పటివరకు నమోదైన మొత్తం కస్టమర్లు" అన్న కార్డుకు ఎవరూ జవాబు చెప్పలేరు. ఆ అంకె పెరగడమే తప్ప తగ్గదు, దాన్ని చూసి ఎవరూ ఏమీ చేయరు. "గడువు దాటిన ఆర్డర్లు" అనగానే మాత్రం "ప్యాకింగుకు ఇద్దర్ని పంపుతాను, కొరియర్‌కు ఫోన్ చేస్తాను" అని వెంటనే చెప్తారు. ఇవాళ చేసే పనితో ముడిపడ్డ అంకెలే మొదటి వరుసకు వస్తాయి. ఇలా జల్లెడ పడితే సాధారణంగా మూడు నుంచి ఐదు మిగులుతాయి. ఎనిమిది మిగిలాయంటే మీ వాక్యంలో ఇంకా ఇద్దరు మనుషులు దాగి ఉన్నారని అనుమానించండి.

2. వాళ్ల తెర ఎంతుందో కొలవండి

డిజైనరు ముందు పెద్ద మానిటర్ ఉంటుంది, వాడేవారి ముందు లాప్‌టాప్ ఉంటుంది. ఈ తేడా వల్ల ఎన్నో మంచి డిజైన్లు దెబ్బతింటాయి. 1366×768 లాప్‌టాప్‌లో టాస్క్‌బార్, బ్రౌజర్ ట్యాబులు, అడ్రస్ పట్టీ పోగా పేజీకి మిగిలే ఎత్తు సుమారు 620 నుంచి 650 పిక్సెళ్లు. 1920×1080 తెర ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. చిన్న లాప్‌టాప్‌లలో అన్నిటినీ పెద్దవి చేసి చూపే విండోస్ స్కేలింగ్ తరచూ 125 లేదా 150 శాతం మీద ఉంటుంది. 125 శాతంలో ఆ తెర పేజీకి 1536×864గా, 150 శాతంలో 1280×720గా పనిచేస్తుంది. అంటే తెర పెద్దదే అయినా లోపల చోటు చిన్నదే.

ఊహించాల్సిన పని లేదు. వాడేవారి కంప్యూటర్లో ఆ డాష్‌బోర్డ్ తెరిచి, కోడ్ రాసి నడిపే బ్రౌజర్ కన్సోల్‌ను పేజీ చోటు తినకుండా విడి విండోగా తెరవండి. అందులో ఇది రాయండి:

```
window.innerWidth + " x " + window.innerHeight
```

వచ్చిన రెండో సంఖ్యే మీ మొదటి తెర ఎత్తు. నలుగురి దగ్గర కొలిచి, వాటిలో అతి చిన్నదాన్ని ఆధారంగా పెట్టుకోండి. ఆ సైజులో, బ్రౌజర్ జూమ్ 100 శాతం ఉండగా, స్క్రోల్ చేయకుండా ఒక స్క్రీన్‌షాట్ తీయండి. ఇక మీద పరీక్షలన్నీ ఈ బొమ్మ మీదే.

మన ఉదాహరణలో ఎత్తు 640 వచ్చిందనుకుందాం. పట్టీకి 120, ఫిల్టర్లకు 96 పోయాయి. అంటే మొదటి అంకె కనపడేలోపే తెరలో మూడోవంతు అయిపోయింది. కార్డులు ఇంకో 240 తీసుకున్నాయి. మిగిలిన 184లో పై చార్టులు సగానికి తెగి కనపడుతున్నాయి.

3. తెరను మసకబార్చి చూడండి

ఇది అర నిమిషం పని, కానీ చాలా చెప్తుంది. కన్సోల్‌లో ఇలా రాయండి:

```
document.body.style.filter = "blur(8px) grayscale(1)"
```

అక్షరాలు చదవడానికి వీల్లేకుండా పోతాయి, రంగులు పోతాయి, బరువులు మాత్రం మిగులుతాయి. ఇప్పుడు కన్ను ముందు ఎక్కడికి వెళ్తోందో చూడండి. ముదురుగా, పెద్దగా కనపడే మచ్చ మీ ముఖ్యమైన అంకె ఉన్న చోటే ఉండాలి. మన ఉదాహరణలో అక్కడ లోగో పట్టీ ఒకటి, పై చార్టులు రెండు నల్లని ముద్దల్లా కనపడతాయి. పన్నెండు కార్డులు మాత్రం ఒకే తీరు బూడిదరంగు గళ్లు. ఆ గళ్లలో తొమ్మిదోదానికి ఏ ప్రత్యేకతా లేదు. చూడటం అయ్యాక అదే వరుసలో కోట్ గుర్తుల మధ్య ఉన్నదంతా తీసేసి మళ్లీ రాస్తే తెర మామూలవుతుంది.

నలుపు తెలుపుల్లో చూడటానికి ఇంకో కారణం ఉంది. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగ్గా తెలియని మగవాళ్లు చెప్పుకోదగ్గంత మంది ఉన్నారు. "బాగుంది, బాగాలేదు" అన్న తేడాను మీరు రంగుతో మాత్రమే చెప్తుంటే, ఈ నలుపు తెలుపు తెరలో ఆ తేడా మాయమవుతుంది. వాళ్లకు రోజూ అలాగే కనపడుతోంది.

4. ఐదు సెకన్ల పరీక్ష

ఈ పని చేసేవాళ్లను, లేదా అలాంటి పని తెలిసినవాళ్లను ఐదుగురిని ఎంచుకోండి. తెరను కట్టినవాళ్లు, దాని గురించి ముందే మాట్లాడినవాళ్లు వద్దు. ఒక్కొక్కరినే పిలవండి. "ఒక తెర చూపిస్తాను, కాసేపటికి మూసేస్తాను" అని మాత్రమే చెప్పండి. స్క్రీన్‌షాట్ ఐదు సెకన్లు చూపించి మూసేయండి. తర్వాత ఈ వరుసలోనే అడగండి, వరుస మార్చకండి:

- ఈ తెర దేని గురించి?
- ఏ అంకె గుర్తుంది?
- అది బాగున్నట్టా, బాగాలేనట్టా? ఎలా తెలిసింది?
- ఇప్పుడు దేని మీద నొక్కుతారు, లేదా ఏం చేస్తారు?

జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. సాయం చేయకండి. "ఇంకా ఏమైనా కనపడిందా, ఆ పైన?" లాంటి ఒక్క సూచన పరీక్షనంతా పాడుచేస్తుంది. అంకె విలువ అచ్చంగా గుర్తుండక్కర్లేదు. "ఆలస్యాలు ఏవో ఎక్కువున్నాయి" అన్నా చాలు.

ఈ పరీక్ష విలువంతా జవాబులను విడదీసి చదవడంలో ఉంది. తప్పు జవాబులన్నీ ఒకే జబ్బుకు గుర్తులు కావు.

ఎవరికీ ఏ అంకే గుర్తులేదంటే, అన్నీ సమాన బరువులో ఉన్నాయి. కన్ను ఎక్కడా ఆగలేదు. దీనికి మందు ఐదో దశలో ఉంది. అందరికీ ఒకే అంకె గుర్తుండి, అది మీరు అనుకున్నది కాకపోతే, తెర గట్టిగానే మాట్లాడుతోంది కానీ తప్పు విషయం చెప్తోంది. మొత్తం కస్టమర్ల సంఖ్యలో ఏడెనిమిది అంకెలుంటాయి, కార్డులో చోటు ఎక్కువ తీసుకుంటుంది, అందుకే గుర్తుండిపోతుంది. దాన్ని మొదటి తెర నుంచి తీసేస్తే చాలు. సరైన అంకే గుర్తుంది కానీ "బాగుందా?" అంటే నోరు మెదపలేదంటే అమరిక తప్పు కాదు, పోలిక లేదు. అది ఆరో దశ. మూడూ సరిగ్గా చెప్పి చివరి ప్రశ్న దగ్గర ఆగిపోతే, ఆ అంకె వెనక ఉన్న వివరానికి దారి కనపడటం లేదు.

ఐదుగురిలో నలుగురు రెండో, మూడో ప్రశ్నలకు మీరు అనుకున్న జవాబు చెప్తే మొదటి తెర పనిచేస్తున్నట్టే. ముగ్గురే చెప్తే సరిచేయండి. ఇది గణాంక నిరూపణ కాదు, పెద్ద తప్పులను పట్టే వల మాత్రమే. చిన్న తేడాలు, అంటే ఈ రంగా ఆ రంగా లాంటివి, ఐదుగురితో తేలవు.

5. మూడు అంతస్తులుగా సర్దండి

ఉన్న అంకెలన్నీ ఒక్కో చీటీ మీద రాసి మూడు కుప్పలు చేయండి. మొదటి కుప్పలో ఇవాళ చేసే పనిని నిర్ణయించేవి. రెండో కుప్పలో "ఎందుకు, ఎక్కడ" అన్న ప్రశ్నకు జవాబిచ్చేవి. మూడో కుప్పలో ఒక్కో ఆర్డరు స్థాయి వివరాలు, ఎప్పుడో ఒకసారి చూసేవి. ఏ కుప్పలోనూ పడనివి ఈ పేజీవి కావు. పారేయక్కర్లేదు, నెలవారీ పేజీకి పంపండి. ఎక్కడికి వెళ్లాయో వాడేవాళ్లకు ముందే చెప్తే "మా అంకె పోయింది" అన్న గొడవ రాదు.

ఉదాహరణలో మొదటి కుప్ప నాలుగు అంకెలు: గడువు దాటి పెండింగులో ఉన్న ఆర్డర్లు, సమయానికి డెలివరీ శాతం, ఇవాళ్టి కొత్త ఆర్డర్లు, రిటర్న్ శాతం. ఈ నాలుగింట్లోనూ ఒక్కటే పెద్దన్న. గడువు దాటినవాటి కార్డును మిగతావాటికి రెండింతల వెడల్పుతో ఎడమ చివర పెట్టండి. తెలుగు, ఇంగ్లిష్‌లాగా ఎడమ నుంచి చదివే భాషల్లో కన్ను మొదలయ్యేది అక్కడే. ఉర్దూ, అరబిక్‌లో తెర ఉంటే ఇదే కార్డు కుడి చివరకు మారాలి.

ఇప్పుడు 640 పిక్సెళ్లను ఇలా పంచండి. శీర్షికకు 48. ఫిల్టర్లకు ఒకే వరుస, 40: తేదీ, గోదాము మాత్రమే పైన, మిగతా ఏడూ "మరిన్ని ఫిల్టర్లు" అన్న ఒక్క బటన్ కింద. అంకెల వరుసకు 132. రెండో అంతస్తుకు 300: ఎడమవైపు సమయానికి డెలివరీ శాతం గత 14 రోజుల గీత, కుడివైపు గోదాములవారీగా ఆలస్యాల బార్ చార్ట్. మధ్య మధ్య ఖాళీలు మూడు, ఒక్కోటి 24. మొత్తం 592. మిగిలిన 48లో పట్టిక శీర్షిక వరుస కాస్త తొంగిచూస్తుంది.

ఆ తొంగిచూపు కావాలనే ఉంచాలి. మొదటి తెర సరిగ్గా అంచు దగ్గర నీటుగా ముగిసిపోతే కింద ఇంకేమీ లేదని చాలామంది అనుకుంటారు, స్క్రోల్ చేయరు. "పట్టిక ఎక్కడుంది?" అని అడిగేవాళ్లు ఎక్కువగా ఉంటే ఈ అంచును ఒకసారి చూడండి.

6. అంకె పక్కన పోలిక పెట్టండి, ఆ పోలిక నిజమైనదేనా చూడండి

ఒంటరి అంకె సమాచారం కాదు. "138" అని పెద్దగా వేస్తే అది ఎక్కువో తక్కువో తెలియక వాడేవాడు నాలుగు పేజీలు తిరుగుతాడు. కార్డులో నాలుగు భాగాలు చాలు: పైన పేరు, మధ్యలో అంకె, కింద ఒక పోలిక, ఎప్పటి డేటానో చెప్పే చిన్న వాక్యం. పోలిక ఒక్కటే ఉండాలి. నిన్నటితో, పోయిన వారంతో, లక్ష్యంతో, పోయిన ఏడాదితో అంటూ నాలుగు శాతాలు ఒకే కార్డులో గుచ్చితే అంకె వాటి మధ్య మునిగిపోతుంది. ఏ పోలికను బట్టి మేనేజరు పని మారుస్తారో అదే పెట్టండి. మిగతావి కార్డు నొక్కితే వచ్చే పేజీలో ఉండొచ్చు.

పోలికల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు పూర్తికాని రోజును పూర్తయిన రోజుతో పోల్చడం. పొద్దున 11 గంటలకు ఇవాళ్టి ఆర్డర్లు 412. నిన్న రోజంతా కలిపి 1,150. కార్డు మీద "−64%" ఎర్రగా వెలుగుతుంది. రోజూ పొద్దున అలాగే వెలుగుతుంది, సాయంత్రానికి మామూలవుతుంది. వారం తిరిగేసరికి ఎరుపును ఎవరూ పట్టించుకోరు. నిజంగా ఆర్డర్లు ఆగిపోయిన రోజున కూడా అదే ఎరుపు కాబట్టి ఆ రోజూ పట్టించుకోరు. సరైన పోలిక ఇది: పోయిన వారం ఇదే రోజున, ఇదే సమయానికి ఎన్ని? అప్పుడు 395 ఉంటే, ఇవాళ దాదాపు 4 శాతం ఎక్కువ. కార్డు కింద "పోయిన మంగళవారం ఈ సమయానికి 395" అని మాటల్లోనే రాయండి. శాతం కంటే ఇది త్వరగా అర్థమవుతుంది.

శాతాల మధ్య తేడా చూపేటప్పుడు ఇంకో జాగ్రత్త. సమయానికి డెలివరీ 94.2% నుంచి 91.6%కి వస్తే తగ్గింది 2.6 పాయింట్లు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను లెక్కేస్తే "−2.8%" అని చూపొచ్చు, ఎందుకంటే అది 2.6ను 94.2తో భాగిస్తుంది. ఇద్దరు మనుషులు రెండు పేజీల్లో రెండు అంకెలు చూసి మీటింగులో వాదించుకునేది ఇలాంటి చోటే. "2.6 పాయింట్లు తగ్గింది" అని రాయండి.

బాణాలూ రంగులూ ఒకదాన్నొకటి కాదనకుండా చూడండి. రిటర్న్ శాతం తగ్గితే మంచిది, బాణం కిందికి ఉంటుంది. చాలా పనిముట్లలో కిందికి బాణం అంటే ఎరుపు అని ముందే పెట్టి ఉంటుంది. ఆ కార్డు సెట్టింగు విడిగా తిప్పాలి. రంగుతో పాటు "లక్ష్యం కంటే మెరుగు" లాంటి ఒక చిన్న మాట చేరిస్తే మూడో దశలో చెప్పిన నలుపు తెలుపు ఇబ్బంది కూడా తీరుతుంది.

7. తీసేయకుండానే బరువు తగ్గించండి

ఇక్కడ ఒక భేదం గుర్తుపెట్టుకోవాలి. నిండుగా ఉండటం వేరు, గజిబిజిగా ఉండటం వేరు. రోజంతా అదే తెర ముందు కూర్చుని యాభై లైన్లు గమనించే కంట్రోల్ రూమ్ ఉద్యోగికి నిండైన పట్టికే మేలు. ప్రతి అంకె ఎక్కడుందో ఆయన కంటికి తెలుసు, దాన్ని విడదీసి ఐదు పేజీలు చేస్తే పని మందగిస్తుంది. రోజుకు రెండు నిమిషాలు చూసే మేనేజరుకు అదే పట్టిక భారం. ఒకటో దశలో రాసిన వాక్యమే మీ తెర ఎంత నిండుగా ఉండొచ్చో చెప్తుంది.

సైజుల తేడా మొహమాటం లేకుండా ఉండాలి. 20, 18, 16 అంటూ మెట్లు వేస్తే కంటికి తేడా తెలియదు. ముఖ్యమైన అంకెకు 40 పిక్సెళ్లు, మిగతా మూడింటికి 28, పేరుకూ పోలికకూ 14 పెట్టండి. పేరును లేత బూడిదరంగులో వేయడం అలవాటుగా మారింది కానీ, మరీ లేతగా ఉంటే ఏ అంకె దేనిదో తెలియదు. వెబ్ అందుబాటు ప్రమాణాలు మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 కాంట్రాస్ట్ అడుగుతాయి. ఉచితంగా దొరికే ఏ కాంట్రాస్ట్ చెకర్‌లోనైనా ఇది చూసుకోవచ్చు.

అంకెల్ని అనవసరంగా పొడిగించకండి. మొదటి తెరమీద 48,73,216 కంటే 48.7 లక్షలు మేలు. పూర్తి అంకె పట్టికలో ఉంటుంది. 91.63% అక్కర్లేదు, 91.6% చాలు. కార్డుల చుట్టూ గీతలు, నీడలు తీసేసి ఖాళీతోనే విడదీయండి. పన్నెండు పెట్టెల చుట్టూ నలభై ఎనిమిది గీతలుంటాయి, వాటిలో ఒక్కటి కూడా సమాచారం కాదు.

పై చార్టుల సంగతి. 1984లో గణాంక నిపుణులు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఇది: ఒకే గీత మీద స్థానాలను పోల్చడంలో మనుషులు బాగా కచ్చితంగా ఉంటారు, కోణాలను పోల్చడంలో అంతకంటే ఎక్కువ తడబడతారు. తొమ్మిది గోదాముల ఆలస్యాలు పై చార్టులో ఉంటే తొమ్మిది రంగులు, పక్కన రంగుల పట్టిక, కన్ను అటూ ఇటూ తిరగడం. అదే డేటా అడ్డంగా ఉన్న బార్లుగా, పెద్దది పైన ఉండేలా పేర్చితే రంగు ఒకటే చాలు, పేరు బారు పక్కనే ఉంటుంది. తొమ్మిది అంకెలు తొమ్మిదిగానే ఉన్నా భారం తగ్గిపోతుంది. పేర్చడం మరవకండి. అక్షరక్రమంలో ఉన్న బార్ల వల్ల ఈ లాభంలో సగం పోతుంది.

పట్టికలో అంకెలు కుడి అంచుకు సర్దండి. అంకెలున్న గడులకు num అన్న క్లాస్ ఇచ్చి, అన్ని అంకెలకూ ఒకే వెడల్పు వచ్చేలా పేజీ CSSలో ఈ ఒక్క వరుస చేర్చితే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు నిలబడతాయి, పెద్ద అంకె పొడవును బట్టే తెలిసిపోతుంది:

```
td.num { text-align: right; font-variant-numeric: tabular-nums; }
```

ఫాంట్‌లో ఆ సౌకర్యం ఉంటేనే ఇది పనిచేస్తుంది. పెట్టాక 111 కింద 888 రాసి వెడల్పు ఒకటేనా చూడండి.

8. చెడ్డ రోజుతో పరీక్షించండి

కొత్త అమరికను మళ్లీ ఐదు సెకన్ల పరీక్షకు పెట్టండి, ఈసారి వేరే ఐదుగురితో. ఒకసారి చూసినవారికి ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది కాబట్టి వాళ్ల జవాబు లెక్కలోకి రాదు.

స్క్రీన్‌షాట్లు రెండు తయారుచేయండి. ఒకటి మామూలు రోజుది: గడువు దాటినవి 12, సమయానికి డెలివరీ 95.1%. రెండోది చెడ్డ రోజుది: గడువు దాటినవి 138, వాటిలో 96 ఒకే గోదాములో, డెలివరీ 91.6%. ఒకరికి మొదటిది, ఇంకొకరికి రెండోది అలా మార్చి మార్చి చూపించి "ఈ రోజు ఎలా ఉంది?" అని అడగండి. రెండింటికీ ఒకే జవాబు వస్తే ఆ తెర అందంగా ఉందే తప్ప పనిచేయడం లేదు. డిజైన్ సమీక్షల్లో ఎప్పుడూ మంచి రోజు డేటానే పెడతారు, అందుకే ఈ లోపం బయటపడేసరికి ఆలస్యమవుతుంది.

చెడ్డ రోజు తెరను అలాగే ఉంచి ఇంకో పని ఇవ్వండి: "ఆలస్యాలు ఎక్కువగా ఎక్కడున్నాయో చెప్పండి." పది సెకన్లలోపు, ఏదీ నొక్కకుండా గోదాము పేరు చెప్పగలగాలి. నొక్కాల్సి వస్తే రెండో అంతస్తులో ఉండాల్సింది మూడో అంతస్తులో పడిందన్నమాట.

ఇంకో మూడు తెరలు కూడా చూసుకోండి: డేటా రాని తెర, అంకె సున్నా అయిన తెర, అంకె మామూలు కంటే పదింతలు అయిన తెర. డేటా రానప్పుడు "0" చూపిస్తే మేనేజరు ఆలస్యాలే లేవనుకుని వెళ్లిపోతారు. అక్కడ "డేటా అందలేదు, చివరిగా వచ్చింది 6:40కి" అని ఉండాలి. పదింతల అంకె కార్డు అంచు దాటి తెగిపోతోందా, రెండో వరుసలోకి దిగి పోలికను కప్పేస్తోందా చూడండి.

పెట్టిన రెండు వారాలకు వాడకపు లాగ్‌లో రెండు విషయాలు వెతకండి. తెరవగానే ఎక్కువమంది ఒకే ఫిల్టర్‌ను మారుస్తుంటే, ఆ విలువనే మొదటి నుంచి ఉండేలా పెట్టండి. రోజూ పొద్దున తెరిచిన రెండు నిమిషాల్లో ఎవరైనా పట్టికను స్ప్రెడ్‌షీట్‌లోకి దింపుకుంటుంటే, వాళ్ల పక్కన కూర్చుని ఆ షీటులో ఏం చేస్తున్నారో చూడండి. వాళ్లు చేత్తో లెక్కేసుకుంటున్న ఆ అంకె మీ మొదటి వరుసలో లేనిదే అయి ఉంటుంది.